స్క్రీన్‌షాట్ ఉందిగా, ఇంకేం భయం?

“నోటిమాటకు చట్టంలో విలువ లేదు, స్టాంపు పేపరు ఉంటేనే అగ్రిమెంటు. వాట్సాప్ చాట్ చెల్లదని సుప్రీంకోర్టే చెప్పింది. కానీ బ్లూ టిక్ పడితే ఎదుటివాడు ఒప్పుకున్నట్టే లెక్క. స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, ఎప్పుడైనా కేసు వేయొచ్చు. అందరికీ పంపండి.”

ఈ వారంలో ఈ వాట్సాప్ ఫార్వర్డు నాకు రావడం ఐదోసారి. పంపినవాళ్లలో మా పెదనాన్నగారి అబ్బాయి ఉన్నాడు, అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఉన్నారు, ఆఖరికి లాయరునైన నా ఆఫీసు గుమస్తా కూడా ఉన్నాడు. చాట్ చెల్లనప్పుడు దాని స్క్రీన్‌షాట్ ఎందుకు దాచుకోవాలని ఒక్కరికీ అనుమానం రాలేదు.

ముందు బ్లూ టిక్ సంగతి తేల్చేద్దాం. చదివాడని అర్థం, అంతే. 2018లో బొంబాయి హైకోర్టు ఒక కేసులో బ్లూ టిక్ చూసి నోటీసు అందినట్టే అంది. నోటీసు అందడం వేరు, బేరానికి సరే అనడం వేరు. మా ఆవిడ పంపే కూరగాయల లిస్టుకు రోజూ బ్లూ టిక్ పడుతుంది. అందులో నేను తెచ్చేవెన్నో ఆవిడనే అడగండి.

స్టాంపు పేపరు లేకపోతే ఒప్పందమే కాదట. మీ ఇంటికి గోడ కట్టిన మేస్త్రి, పెళ్లికి వంట చేసిన వంటాయన మీతో ఏ పేపరు మీద సంతకం చేశారు? 1872 కాంట్రాక్టు చట్టం అడిగేది ఇద్దరి ఇష్టం, ఇచ్చిపుచ్చుకునేదేదో ఒకటి, చట్టబద్ధమైన పని. కాగితం కొన్ని వాటికే తప్పనిసరి. స్థలం అమ్మకం రిజిస్టర్ కావాల్సిందే. ఏమీ పుచ్చుకోకుండా “నీ కూతురి పెళ్లికి పది కాసులు పెడతా” అన్న బావగారి మాట మాత్రం మాటగానే మిగులుతుంది, చాట్‌లో అన్నా సరే. చాట్‌లో, మెయిల్‌లో కుదిరిన ఒప్పందం ఆ ఒక్క కారణంతో చెల్లకుండా పోదని ఐటీ చట్టంలోని 10ఏ సెక్షన్ చెబుతోంది.

సుప్రీంకోర్టు మాటకొస్తే, ఆ మాట పుట్టింది 2021లో, రెండు కంపెనీల గొడవ విచారణలో. అప్పటి ప్రధాన న్యాయమూర్తి మన ఎన్.వి. రమణ గారు. వాదనల మధ్య బెంచి మీద నుంచి వచ్చే వ్యాఖ్య వేరు, తీర్పులో రాసే సూత్రం వేరు. తీర్పు కావాలంటే 2020 నాటి అర్జున్ పండిట్‌రావు కేసు చదవండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ఎలా తేవాలో అందులో ఉంది. చెల్లని వస్తువును ఎలా తేవాలో అంత శ్రద్ధగా ఎవరూ చెప్పరు కదా.

ఇక అసలు విషం “ఎప్పుడైనా కేసు వేయొచ్చు” అన్న మాటలో ఉంది. దాన్ని నమ్మి వచ్చిన ఒకాయన గురించి చెబుతాను.

2022 ఆగస్టు 12న ఆయన ఒక స్నేహితుడికి చేబదులు ఇచ్చారు. లక్షా ముప్పై వేలు యూపీఐలో, యాభై వేలు చేతికి. తిరిగి ఎప్పుడివ్వాలో ఆ రోజు అనుకోలేదు. నోటు రాయించుకోలేదు. నా దగ్గరికి వచ్చింది 2025 ఆగస్టు 4న. “2024 సంక్రాంతికి ఇస్తానని మెసేజ్ పెట్టాడు సార్, అంటే అక్కడి నుంచి మూడేళ్లు కదా” అన్నారు ధీమాగా. కాదు. గడువు అనుకోని చేబదులుకు మూడేళ్లు డబ్బు ఇచ్చిన రోజు నుంచే లెక్క. అంటే మిగిలింది ఎనిమిది రోజులు. బాకీని రాతలో ఒప్పుకుని సంతకం పెడితే కొత్తగా మూడేళ్లు వస్తాయి, నిజమే. అది కూడా పాత గడువు దాటకముందే జరగాలి. వాట్సాప్ మెసేజ్ సంతకంతో సమానమా అన్నది వాదించుకోవాల్సిన విషయం. ఆ వాదన మీద భారం వేసి ఆగస్టు 12 దాటించే ధైర్యం నాకు లేదు.

సరే, స్క్రీన్‌షాట్లు చూపించమన్నాను. పాత ఫోన్ ఎక్స్ఛేంజిలో ఇచ్చేశారట. మెయిల్‌లో దాచుకున్న నాలుగు బొమ్మలు తీశారు. పైన “సుబ్బు బావ” అని ఉంది. నంబరు లేదు. “సుబ్బు బావ” అని నా ఫోన్‌లో ఎవరి నంబరైనా సేవ్ చేసుకుని, నాకు నేనే మెసేజ్ పంపించుకోవచ్చు. ఎదుటి లాయరు మొదట అడిగేది అదే. పైగా ఒక బొమ్మలో సగం సంభాషణ కోసేశారు, ఫోన్ మెమరీ తగ్గుతుందని.

కేసును నిలబెట్టింది ఆ బొమ్మలు కాదు. ఈ వ్యవహారం కోసమే ముగ్గురు కలిసి పెట్టుకున్న ఒక గ్రూపు ఉంది. అందులో మూడో ఆయన, మధ్యవర్తి, ఏమీ డిలీట్ చేయలేదు. ఆయన ఫోన్‌లో “లక్షా ఎనభై సంగతి మర్చిపోలేదు అన్నా” అన్న మెసేజ్, దాన్ని నొక్కితే కనిపించే నంబరు, తేదీ అన్నీ ఉన్నాయి. అదే నంబరుకు యూపీఐ వెళ్లినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ చెప్పింది. నగదు యాభై వేల గురించి వేరే కాగితం లేదు. కానీ మెసేజ్‌లో మొత్తం అంకె ఉంది, ఇచ్చినప్పుడు మధ్యవర్తి పక్కనే ఉన్నారు. సివిల్ కేసులో అనుమానమే లేకుండా నిరూపించనక్కర్లేదు, ఏది జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశముందో చూస్తారు.

ప్రింటు తీసి ఇచ్చేస్తే సరిపోదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. అందులో మొదటి భాగం ఫోన్ వాడుతున్న మనిషి, రెండో భాగం నిపుణుడు నింపాలి. ఆ ఫైలుకు వేలిముద్రలాంటి హాష్ విలువ కూడా రాయాలి. ఫోన్ సొంతదారే బోనెక్కి అసలు ఫోన్‌ను చూపించి నిరూపిస్తే సర్టిఫికెట్ అక్కర్లేదని అర్జున్ పండిట్‌రావు తీర్పు అంది. ఎక్స్ఛేంజిలో ఇచ్చేసిన ఫోన్‌ను బోనులో ఎలా చూపిస్తారు?

ఆగస్టు 11న దావా వేశాం. ఆయన ఆ వారం నిద్రపోయారో లేదో తెలియదు, నేను మాత్రం పోలేదు.

ఒక్క చోట ఫార్వర్డుకు తల వంచుతాను. కాగితం రాయించుకోమనే ఆ భయం తప్పు కాదు. రెవిన్యూ స్టాంపు మీద సంతకం ఉన్న ప్రోనోటు ఉంటే, డబ్బు ముట్టిందనే చట్టం ముందుగా అనుకుంటుంది, ముట్టలేదని నిరూపించుకోవాల్సింది అప్పు తీసుకున్నవాడు. నోటిమాటలో ఆ భారమంతా మీదే. తెలిసిన నేనే కిందటేడు మా బావమరిదికి కాగితం లేకుండా యాభై వేలు ఇచ్చాను. అడగడానికి మొహం చెల్లలేదు.

కాగితం అడగలేకపోతే, డబ్బు పంపిన రోజునే “12వ తేదీన నీకు యూపీఐలో లక్షా ముప్పై, చేతికి యాభై ఇచ్చాను, ఫలానా తేదీకి ఇస్తానన్నావు కదా” అని రాసి, “అవును” అని జవాబు తెప్పించుకోండి. ఆ చాట్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ ఆపేయండి. `Export chat` తో కాపీ తీసుకోండి, అయినా ఫోన్‌ను అమ్మకండి. రెండున్నరేళ్లు గడిచాక కూడా డబ్బు రాకపోతే సంతకంతో కొత్త నోటు అడగండి. ఇవ్వనంటే అప్పుడే లాయరు దగ్గరికి రండి, ఎనిమిది రోజులు మిగిలినప్పుడు కాదు.