క్లాసుకు రానివాళ్ళకి కావాల్సింది స్లైడ్లు కాదు, చాట్

ఆన్‌లైన్ క్లాసు అవగానే వాట్సాప్ గ్రూపులో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. సార్ స్లైడ్ల పీడీఎఫ్ పెడతారు, రికార్డింగ్ లింకు పెడతారు, రానివాళ్ళు థాంక్యూ సార్ అంటారు, అక్కడితో సరి. ఈమధ్య కొన్ని బ్యాచుల్లో ఎవరో ఒకరు పూనుకుని, రానివాళ్ళ కోసం ప్రశ్నలు జవాబుల షీటు కూడా తయారుచేస్తున్నారు. మంచి పనే, కానీ నేను చూసిన షీట్లలో ఎక్కువ భాగం స్లైడ్ల హెడ్డింగులకి చివర "అంటే ఏమిటి" అని తగిలించినవే. అలాంటి షీటు వల్ల ఉపయోగం లేదని నేను గట్టిగా చెబుతాను. షీటు క్లాసు నడుస్తుండగా అందరూ టైపు చేసే జూమ్ చాట్‌లోంచి పుట్టాలి, స్లైడ్లు దానికి ఆధారంగా పక్కన నిలబడాలి.

ఎందుకంటున్నానో చెప్పాలంటే మా క్లాసు సంగతే చెప్పాలి. విశాఖలో సాయంత్రం ఏడింటికి మొదలయ్యే ఎస్‌క్యూఎల్ బ్యాచు మాది. ఎస్‌క్యూఎల్ అంటే డేటాబేసుని వివరాలు అడిగే భాష. గాజువాక వైపు నుంచి షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు ఉన్నారు, అనకాపల్లి నుంచి రైల్లో వచ్చిపోయేవాళ్ళు ఉన్నారు, కాబట్టి ప్రతి క్లాసుకీ ఐదారుగురు తగ్గుతారు. ఆ రోజు పాఠం `NULL` గురించి. అంటే టేబుల్లో ఏ విలువా పెట్టకుండా వదిలేసిన గడి గురించి. స్లైడ్లు 22. చాట్ ఫైలు తెరిస్తే 214 లైన్లు.

ఆ 214లో గుడ్ ఈవినింగులు, "ఎస్ సార్"లు, "వాయిస్ కట్ అవుతోంది"లు తీసేస్తే మిగిలిన అసలు సందేహాలు 31. ఇక్కడే చాలామంది మొదటి తప్పు చేస్తారు. ఫైల్లో ప్రశ్నార్థకం గుర్తు వెతికి, అది ఉన్న లైన్లే ప్రశ్నలు అనుకుంటారు. ఆ 31లో గుర్తు ఉన్నవి 11 మాత్రమే. తెలుగులో చాలాసార్లు ప్రశ్నని గుర్తు కాదు, చివరి దీర్ఘం మోస్తుంది. "వస్తుందా", "కాదా", "అంతేనా" అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసేటప్పుడు గుర్తు పెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. పైగా "నాకు జీరో వస్తోంది సార్" అనేది వ్యాకరణం ప్రకారం ప్రశ్నే కాదు, కానీ ఆ రోజు క్లాసు మొత్తంలో అదే అన్నిటికంటే పెద్ద ప్రశ్న. "ఇంకోసారి సార్" అని ఒకే నిమిషంలో నలుగురు రాశారంటే అక్కడ ఏదో అందలేదని లెక్క. కాబట్టి చాట్‌ని వెతకకూడదు, మొదటి నుంచి చివరి దాకా చదవాలి. మహా అయితే ఇరవై నిమిషాల పని.

తర్వాత చాట్‌నీ రికార్డింగునీ జతచేయాలి. మనం జూమ్‌లో చేత్తో సేవ్ చేసుకున్న చాట్ ఫైల్లో ఉండేది గడియారం టైము, రికార్డింగులో ఉండేది సున్నా నుంచి మొదలయ్యే టైము. ఆ రోజు సార్ రికార్డు నొక్కింది 19:06:10కి. "జీరో వస్తోంది" అన్న లైను 19:41:30కి వచ్చింది. తీసేస్తే 35:20. కానీ 35:20 దగ్గర తెరిస్తే సార్ ఇంకా వేరే మాట చెబుతుంటారు, ఆయన చాట్ చూసి జవాబు మొదలుపెట్టింది 36:45కి. షీటులో రాయాల్సింది ఈ రెండో టైము. ఇంకో చిక్కుంది. ఎనిమిదింటికి బ్రేకు ఇచ్చి పది నిమిషాలు రికార్డింగు ఆపారు, ఆపిన ఆ పది నిమిషాలు వీడియోలో ఉండవు. అందుకని బ్రేకు తర్వాతి లైన్లకి మరో పది నిమిషాలు తీసేయాలి. 20:20:10 నాటి లైను 74వ నిమిషంలో కాదు, 64లో దొరుకుతుంది. బ్రేకు తర్వాత ఒక లైను పట్టుకుని వీడియోలో సరిచూస్తే లెక్క కుదిరిందో లేదో తెలిసిపోతుంది.

ఇప్పుడు నన్ను నిజంగా కదిలించిన విషయానికి వస్తాను. 17వ స్లైడులో ఆరుగురు విద్యార్థుల టేబుల్ ఉంది, వాళ్ళలో ఇద్దరికి ఫోన్ నంబరు లేదు. కింద ఈ కోడు, దాని పక్కన రెండిటికీ జవాబు 6 అని ఉంది.

```sql
SELECT COUNT(*), COUNT(phone) FROM students;
```

చాట్‌లో ఒకమ్మాయి "నాకు 6, 4 వచ్చాయి" అని రాసింది. వెంటనే ఇంకొకరు "కౌంట్ అన్నీ లెక్కపెడుతుంది, మళ్ళీ రన్ చెయ్యి" అని సలహా ఇచ్చారు. రెండు నిమిషాల తర్వాత సార్ చూసి, అమ్మాయిదే కరెక్టు, స్లైడులో తప్పు పడింది అన్నారు. `COUNT(*)` టేబుల్లోని వరుసలని, అంటే రోలని లెక్కపెడుతుంది, `COUNT(phone)` మాత్రం ఆ గడిలో విలువ ఉన్న రోలనే లెక్కపెడుతుంది, కాబట్టి 6, 4. కానీ పీడీఎఫ్‌లో ఇప్పటికీ 6, 6 అనే ఉంది! క్లాసుకు వచ్చినవాళ్ళు సరిచేసుకున్నారు. రానివాళ్ళు, పాపం, పీడీఎఫ్ చూసి తప్పు నేర్చుకుంటారు. అది కూడా శ్రద్ధగా చదివేవాళ్ళే నేర్చుకుంటారు. ఆ సవరణ జరిగిందని రాతలో సాక్ష్యం ఉన్నది ఒక్క చాట్‌లోనే. స్లైడ్ల నుంచి తయారైన షీటు ఈ తప్పుని ఇంకో కాగితం మీదకి ఎక్కిస్తుంది, చాట్ నుంచి తయారైన షీటు దాన్ని ఆపుతుంది. అలాగని చాట్‌లో తోటివాళ్ళు ఇచ్చిన ప్రతి జవాబూ నమ్మమని కాదు, ఇక్కడే ఒకటి తప్పని చూశాం కదా. ప్రతి జవాబూ సార్ నోట విన్నదో, మనం రన్ చేసి చూసిందో అయ్యుండాలి.

ఒకేలా ఉన్న సందేహాలని కలపడంలో కూడా తెలివి కావాలి. "ఫోన్ లేనివాళ్ళు రావట్లేదు", "`= NULL` పెడితే జీరో వస్తోంది" ఈ రెండూ ఒకటే, కలిపేయొచ్చు. "ఖాళీ కొటేషన్లు పెడితే `NULL` అయిపోదా" అనేది చూడటానికి వాటి తమ్ముడిలాగే ఉంటుంది, కానీ అది వేరు. మా క్లాసులో వాడేది మైఎస్‌క్యూఎల్, అందులో `''` అంటే ఖాళీ మాట, అది ఒక విలువే, `NULL` కాదు. అడిగిన అబ్బాయి కాలేజీ ల్యాబులో వాడేది ఒరాకిల్, అందులో ఖాళీ మాటని పెడితే `NULL`గానే తీసుకుంటుంది. రెండూ నిజమే. షీటులో ఈ ప్రశ్నని పై రెండిటితో కలిపేసి ఒకే జవాబు రాస్తే ఒరాకిల్ వాడేవాళ్ళకి అది అబద్ధమవుతుంది. ఏ డేటాబేసులో అన్న మాట ప్రశ్నలోనే ఉండాలి.

ఇలా 31 సందేహాలు కలిపితే తొమ్మిది ప్రశ్నలయ్యాయి. మొదటిది ఇలా రాశాను.

ప్రశ్న: ఫోన్ నంబరు ఇవ్వనివాళ్ళ లిస్టు కోసం `WHERE phone = NULL` అని రాశాను. ఎర్రర్ రాలేదు, కానీ ఒక్క రో కూడా రాలేదు. ఎందుకు?

జవాబు: `NULL` అంటే విలువ తెలియదు అని. తెలియనిదాన్ని దేనితో పోల్చినా జవాబు అవునూ కాదు, కాదూ కాదు, తెలియదు అనే వస్తుంది. `WHERE` మాత్రం అవును అని తేలిన రోలనే బయటికి పంపిస్తుంది. అందుకే ఎర్రరూ లేదు, రోలూ లేవు. పోల్చకుండా ఇలా అడగాలి:

```sql
SELECT name FROM students WHERE phone IS NULL;
```

స్లైడు 14, రికార్డింగు 36:45 నుంచి.

"ఎర్రర్ రాలేదు, కానీ ఒక్క రో కూడా రాలేదు" అన్న ముక్క చూడండి. అది ఏ స్లైడులోనూ లేదు, ఉండదు కూడా. చేతులు పెట్టి చేసినవాడికే ఆ మాట వస్తుంది, రేపు రానివాళ్ళు ఇంట్లో కూర్చుని ప్రాక్టీసు చేసినప్పుడు సరిగ్గా అదే వాళ్ళకీ జరుగుతుంది. అప్పుడు షీటులో తమ మాటే కనపడుతుంది.

రికార్డింగు ఉండగా ఇదంతా ఎందుకు, రానివాళ్ళని ఇంకా చెడగొట్టడం కాదా అనేవాళ్ళు ఉన్నారు. ఆ మాటలో కొంత న్యాయం ఉంది, షీటు పాఠానికి బదులు కాదు. కానీ గంటన్నర వీడియోని ఒకటిన్నర స్పీడులో పెట్టినా గంట పడుతుంది, రాత్రి షిఫ్టు దిగినవాడు ఆ గంటలో ఎక్కడ ఆగి ఆలోచించాలో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. షీటులోని టైము అతన్ని వీడియో దగ్గరికే పంపిస్తుంది, వీడియో నుంచి తప్పించదు.

నా అసలు బాధ ఇంకా లోతుది. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల మధ్య నడిచి చూస్తే మనకి ప్రశ్న అంటే ఏమిటో తెలుస్తుంది. బిట్ బ్యాంకులు, ఇంపార్టెంట్ క్వశ్చన్లు, గెస్ పేపర్లు. స్కూలు నుంచి ఉద్యోగ పరీక్ష దాకా మన చేతికొచ్చే ప్రతి ప్రశ్నా పరీక్ష పెట్టేవాడిదే. జవాబు ముందే తెలిసినవాడు అడిగే ప్రశ్నలు అవి. జవాబు తెలియనివాడు అడిగే ప్రశ్నని మనం ఎప్పుడూ కాగితం మీద పెట్టలేదు. దాన్ని డౌటు అన్నాం, క్లాసు చివర ఐదు నిమిషాలు ఇచ్చాం, చెయ్యెత్తినవాణ్ణి మిగతావాళ్ళు తిరిగి చూశారు. అందుకే షీటు తయారుచేయమంటే మన చెయ్యి దానంతటదే "`NULL` అంటే ఏమిటి? ఉపయోగాలు వ్రాయుము" అని రాసేస్తోంది. చాట్ వచ్చాక మొదటిసారి, నోరు తెరవని పిల్లలు కూడా టైపు చేసి అడుగుతున్నారు. ఆ అడగడాన్ని అలాగే, వాళ్ళ మాటల్లోనే, తప్పులు మాత్రం దిద్ది నిలబెట్టమని నేను అడుగుతున్నాను.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. అడిగినవాళ్ళ పేర్లు షీటులో ఉండకూడదు, ఉంటే వచ్చే వారం చాట్ మూగబోతుంది. మనం సేవ్ చేసిన చాట్ ఫైల్లో మనకి విడిగా వచ్చిన మెసేజులు కూడా ఉంటాయి, అందుకని ఆ ఫైలుని ఉన్నదున్నట్టు గ్రూపులో పెట్టొద్దు. తొమ్మిది ప్రశ్నలు విడిగా టైపు చేసి అవే పంపాలి.

షీటుకి హద్దు కూడా ఉంది. ఎవరూ అడగనిది అందులో ఉండదు. ఆ రాత్రి గాజువాక నుంచి క్లాసుకు రాలేకపోయిన అతను షీటు చదివి, తనే టేబుల్ చేసుకుని, ఊరు విశాఖ కానివాళ్ళ కోసం `WHERE city <> 'Visakhapatnam'` అని రాసి చూశాడట. ఊరు రాయనివాళ్ళు కూడా రావాలి కదా, వాళ్ళెందుకు రాలేదు అని మెసేజ్ పెట్టాడు. మొదటి ప్రశ్నకి ఏ కారణమో దీనికీ అదే, కానీ క్లాసులో ముప్ఫై మందికి పైగా ఉండి కూడా ఎవరికీ తట్టలేదు. `OR city IS NULL` కలపాలని జవాబు రాసి, దాన్ని పదో ప్రశ్నగా పెట్టి, రికార్డింగు టైము ఉండాల్సిన చోట "క్లాసులో రానిది" అని రాసి షీటు మళ్ళీ గ్రూపులో వేశాను.