వెనక నుంచి భుజం మీద చెయ్యి వేయకండి

పోయిన శనివారం తిరుపతిలో ఒక స్కూలు హాల్లో అరవై మంది దాకా టీచర్లం కూర్చున్నాం. స్కూల్ సైకాలజిస్ట్ ఒకావిడ వచ్చారు. ఇంట్లో తాగుడు, గొడవలు, దెబ్బల మధ్య పెరిగే పిల్లలతో క్లాసులో ఎలా మెలగాలన్నది విషయం. ఇలాంటి మీటింగులకు 'పిల్లల్ని ప్రేమగా చూడండి' అన్న మాటే రెండు గంటలు సాగదీస్తారని ముందే తెలిసి వెళ్తాం, పేపర్ల కట్ట కూడా వెంట తీసుకెళ్లి వెనక వరసలో కూర్చుని దిద్దుకుంటాం. నేనూ తీసుకెళ్లాను. కానీ ఆమె ప్రేమ గురించి మాట్లాడలేదు, పిల్లాణ్ణి ఏ బెంచీలో కూర్చోబెట్టాలో మాట్లాడారు.

ఊరు, పేరు చెప్పకుండా ఆమె ఒక ఏడో తరగతి పిల్లాడి సంగతి చెప్పారు. సోమవారం మొదటి పీరియడ్, లెక్కల క్లాసు. పిల్లాడు నోట్సు తెరవలేదు. సార్ బెంచీల మధ్య నడుచుకుంటూ వెనక నుంచి వచ్చి, మెల్లగానే, కోపం కూడా లేకుండా భుజం మీద చెయ్యి వేశారు. పిల్లాడు ఒక్క ఉదుటున లేచి చెయ్యి విదిలించాడు. పక్కవాడి జామెట్రీ బాక్స్ కిందపడి మూత విరిగింది, క్లాసంతా నవ్వింది, వీడు పక్కవాణ్ణి తోసేశాడు. సార్ అందరి ముందూ నిలబెట్టి "ఎందుకు తోశావ్ రా? చెప్పు" అని నాలుగుసార్లు అడిగారు. జవాబు లేదు. బయట నిలబెట్టారు.

మనలో ఎవరైనా అదే చేసి ఉంటాం. ఆమె విడమరిచి చెప్పింది ఈ చోటే. రాత్రిళ్లు ఎవరి అడుగుల చప్పుడు ఎటు వస్తుందో చెవి పెట్టి వినే అలవాటున్న పిల్లాడికి ఒళ్లు ఎప్పుడూ కాపలా కాస్తూనే ఉంటుంది. వెనక నుంచి చెయ్యి పడగానే, అది సార్ చెయ్యా ఇంకెవరిదా అని బుర్ర తేల్చుకునేలోపే ఒళ్లు తిరగబడుతుంది. గుండె దడ, బిగిసిన పిడికిళ్లు తగ్గడానికి ఇరవై నిమిషాలు పట్టొచ్చు, అరగంటా పట్టొచ్చు. ఆలోచించి మాటలు పేర్చుకునే శక్తి ఆ కాసేపు సరిగా అందదు. కాబట్టి "ఎందుకు" అన్న ప్రశ్నకు వాడి దగ్గర నిజంగానే జవాబు లేదు, మనం దాన్ని పొగరు అనుకుంటాం.

ఆ సార్‌తో ఆమె మొదట చేయించిన పని ఒక్కటే. పది పనిదినాలు చిన్న నోట్సులో ప్రతి గొడవకూ మూడు ముక్కలు రాయాలి: దానికి ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మనమేం చేశాం. టైము తప్పకుండా వేయాలి. 'మొండివాడు', 'అల్లరోడు' లాంటి మాటలు రాయకూడదు, కంటికి కనిపించిందే రాయాలి. తొమ్మిది గొడవలు రాశారట. అందులో ఏడు సెలవు మర్నాడో, మొదటి రెండు పీరియడ్లలోనో జరిగినవి. దాదాపు అన్నిట్లోనూ వాడి వెనక ఎవరో ఉన్నారు. వాడు కూర్చునేది నడిమి బెంచీ మరి.

అప్పుడు మార్చినవి చాలా చిన్నవి. వీపు గోడకు ఆనేలా, తలుపు కనిపించేలా చివరి బెంచీలో కూర్చోబెట్టారు. సార్ ముందు వైపు నుంచే వచ్చి, ముట్టుకోకుండా, పేరు పిలిచి మాట్లాడేవారు. పొద్దున రాగానే హాజరు పట్టీ ఆఫీసు గదికి తీసుకెళ్లే పని ఇచ్చారు, దారిలో "తిన్నావా అబ్బోడా?" అని ఒక్క మాట అడిగేవారు. చాలా సోమవారాలు తినకుండానే వచ్చేవాడని అలా బయటపడింది. ప్రతిదానికీ ఇంటి దెబ్బలే కారణం అనుకునే ముందు ఆకలి, నిద్ర, చూపు, వినికిడి, చదవడంలో ఇబ్బంది ఇవన్నీ చూడమని ఆమె గట్టిగా చెప్పారు, నాకు బాగా నచ్చిన మాట అది.

మరి విరిగిన బాక్స్ సంగతి? వదిలేయడమేనా? కాదు. ఒళ్లు చల్లబడ్డాక, అదే రోజు సాయంత్రమో మర్నాడో, విడిగా కూర్చోబెట్టి ఏం జరిగింది, ఎవరికి నష్టమైంది, ఏం చేస్తే సరిపోతుంది అని అడగాలి. వాడు టేపు వేసి మూత అతికించి ఇచ్చాడట. శిక్ష పోలేదు, దాని టైము మారింది.

ఇక్కడ ఒక సీనియర్ సార్ లేచి, "దండం దశగుణం భవేత్ అని పెద్దలు ఊరికే అన్నారా మేడం? మా కాలంలో నాలుగు తగిలిస్తే అందరూ దారికొచ్చేవాళ్లు" అన్నారు. హాల్లో నవ్వులు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మాటలతో వేధించడాన్నీ నిషేధించిందని ఆమె చెప్పొచ్చు, చెప్పారు కూడా. కానీ తర్వాత అన్న మాటకు హాలు నిశ్శబ్దమైంది: "దారికొచ్చారో, బిగుసుకుపోయారో మీకెలా తెలుసు సార్?" భయంతో తిరగబడేవాడు మన కళ్లకు కనిపిస్తాడు. భయంతో గడ్డకట్టేసే పిల్ల, చక్కగా చేతులు కట్టుకుని, నోట్సు నీటుగా రాసి, ఏదడిగినా "ఊ" అనే పిల్ల, మన లెక్కలో మంచి పిల్ల. పద్దెనిమిదేళ్ల సర్వీసులో నేను ఇలాంటి ఎంతమందిని మెచ్చుకుని వదిలేశానో.

నాకు ఒప్పుకోబుద్ధి కానిది కూడా ఒకటుంది. క్లాసులో ఒక మూల చాప వేసి 'ప్రశాంతంగా కూర్చునే చోటు' పెట్టమన్నారు. యాభై మంది ఉన్న గదిలో, నడవడానికే చోటు లేనిచోట, ఆ మూల వారం తిరక్కుండా గోడకుర్చీకి కొత్త పేరు అయిపోతుంది. "పో, మూల కూర్చో" అని మనమే అంటాం. దానికంటే హాజరు పట్టీ మోయించడమే నయం. నీళ్లు తెమ్మని పంపడమూ నయమే.

ఇంకో సంగతి, ఇది దాచకుండా ఆమే చెప్పారు. మొత్తం స్కూలును ఈ పద్ధతిలోకి మారిస్తే ఫలితం ఎంత అని 2019లో అధ్యయనాలన్నీ వెతికి చూసిన ఒక సమీక్షకు, వాళ్లు పెట్టుకున్న ప్రమాణాలకు నిలిచే అధ్యయనం ఒక్కటీ దొరకలేదు. అంటే పనికిరాదని కాదు, తేలలేదని. అందుకే ఆ నోట్సు. మార్పు తర్వాత మళ్లీ పది రోజులు రాస్తే గొడవలు తొమ్మిది నుంచి మూడుకు వచ్చాయి, ఆ మూడింట్లో రెండు వేరే టీచర్ వచ్చిన రోజున జరిగాయి. ఆ టీచర్‌కు ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఇంటి కథ తవ్వొద్దని కూడా హెచ్చరించారు. "మీ నాన్న కొడతాడా?" అని స్టాఫ్ రూములో నలుగురి మధ్య అడగడం సాయం కాదు, పైగా సాయంత్రానికి ఆ కబురు వీధిలో ఉంటుంది. పిల్లలు వాళ్లంతట వాళ్లు చెబితే వినాలి, "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాట ఇవ్వకూడదు. లైంగిక వేధింపు అని తెలిస్తే పోక్సో చట్టం కింద పోలీసులకు తెలియజేయాల్సిందే, ఊరుకుంటే మనకే శిక్ష. పిల్లలకు ప్రమాదం ఉందనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. స్కూలు పరువు పోతుందని పైవాళ్లు ఆపుతారే, అప్పుడేం చేయాలని ఒక మేడం అడిగారు. ఫోన్ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని ఆమె జవాబు. చెప్పినంత తేలిక కాదు, ఉద్యోగం ఎవరిది వాళ్లకు భయమే.

చివర్లో నేను ఒకటడిగాను. జూన్‌లో ఆ పిల్లాడు ఎనిమిదికి వెళ్తాడు, సార్ మారతారు, అప్పుడు? ఒక్క కాగితం కొత్త క్లాస్ టీచర్ చేతికివ్వమన్నారు. అందులో నాన్న తాగుతాడనో, అమ్మ పుట్టింట్లో ఉందనో రాయొద్దు. 'గోడ పక్కన కూర్చోబెట్టండి. పేరు పిలిచాకే దగ్గరికి వెళ్లండి. సోమవారం తిన్నాడో లేదో అడగండి. మీరు సెలవు పెట్టేట్టయితే ముందురోజే వాడికి చెప్పండి.' ఈ నాలుగు వాక్యాలు చాలట. దిద్దని పేపర్ల వెనక రాసుకుని తెచ్చుకున్నాను.