మా పిల్లి చదివింపులు

పొద్దున్నే ఐదున్నరకి పాల ప్యాకెట్ కోసం తలుపు తీస్తే నా కుడి చెప్పులో ఒక చిట్టెలుక. ప్రాణం పోయింది. పక్కనే మా బుజ్జి, తోక కాళ్ళ చుట్టూ సర్దుకుని, దానం చేసిన జమీందారులా కూర్చుంది. ఎడమ చెప్పు ఖాళీగానే ఉంది. అది రేపటికి కాబోలు.

పై ఫ్లోర్ ఆంటీ మెట్లు దిగుతూ చూశారు. "ఎంత అదృష్టమండీ మీది! గిఫ్ట్ తెచ్చింది. థాంక్యూ చెప్పండి, లేకపోతే నొచ్చుకుంటుంది" అన్నారు.

పెద్దవాళ్ళ మాట కాదనలేక ఆ రోజే చదివింపుల పుస్తకం తెరిచాను. నాలుగు మూలలా పసుపు రాశాను. సోమవారం: బొద్దింక 1, కాళ్ళు 4. మంగళవారం: బల్లి తోక 1, బల్లి లేదు. గురువారం: చిట్టెలుక 1, చెప్పుతో సహా. అసలు చిక్కు తర్వాత వచ్చింది. మన ఇళ్ళల్లో పెట్టినవాళ్ళకి తిరిగి పెట్టాలి కదా. బల్లి తోకకి ఎంత పెట్టాలి? తోక ఇంకా ఆడుతుంటే లెక్క మారుతుందా? చిట్టెలుక ఇచ్చినవాళ్ళకి కనీసం పందికొక్కయినా పెట్టకపోతే వియ్యాలవారి ముందు తలెత్తుకోగలమా? రాత్రి పదకొండింటికి నేను టార్చిలైటు పట్టుకుని డ్రైనేజీ దగ్గర నిలబడ్డానంటే పాపం ఆంటీదే.

అమెరికాలో జార్జియా యూనివర్సిటీ వాళ్ళు 55 పిల్లుల మెడలకి చిన్న కెమెరాలు కట్టి చూశారు. వేటాడినవి సగం కన్నా తక్కువ. పట్టినవాటిలో ఇంటికి తెచ్చింది నాలుగో వంతు లోపే. దాదాపు సగం పట్టినచోటే వదిలేశాయి, మిగతావి తినేశాయి. అంటే నాకు అందింది ప్రేమ కాదు, మిగులు. తల్లిపిల్లి తన పిల్లలకి మొదట చచ్చిన ఎలుకని, తర్వాత కొన ఊపిరితో ఉన్నదాన్ని, చివరికి బతికున్నదాన్ని తెచ్చి వేట నేర్పే మాట నిజమే. కానీ పిల్లలే లేని మా బుజ్జి, అదీ ఆపరేషన్ అయిన మగపిల్లి, నాకు ట్యూషన్ చెబుతోందని ఎవరూ రుజువు చెయ్యలేదు. పిల్లికి వేటాడే కోరిక వేరు, ఆకలి వేరు. కడుపు నిండా తిన్నా కదిలేదాన్ని పడుతుంది. పట్టినదాన్ని తనకి భయంలేని చోటుకి తెచ్చుకుంటుంది. ఆ చోటు నా చెప్పు.

అందుకే తిట్టినా లాభం లేదు, ముద్దు చేసినా లాభం లేదు. పిల్లిని గదిలో పెట్టి తలుపేసి, చేతికి క్యారీబ్యాగ్ తొడుక్కుని ఎలుకని పట్టుకుని, బ్యాగ్ తిరగేసి ముడేసి, దాన్ని ఇంకో బ్యాగ్‌లో వెయ్యాలి. ఆ చోటు పొడి చీపురుతో ఊడవకూడదు. ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి పోసి, పది నిమిషాలాగి తుడవాలి. వేట తగ్గాలంటే మాంసం ఎక్కువున్న తిండి పెట్టి, రోజూ ఐదూ పది నిమిషాలు ఈకల బొమ్మతో ఆడించాలి. ఇంగ్లండులో ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ళు 2021లో ప్రచురించిన లెక్క ప్రకారం ఆ తిండితో ఇంటికి తెచ్చే వేట 36 శాతం, ఆటతో 25 శాతం తగ్గింది. మెడలో గంట కడితే చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలా అని ఇన్ని తరాలు తల బద్దలు కొట్టుకున్న ఎలుకలకి ఈ సంగతి ఎవరు చెబుతారో!

ఇక్కడిదాకా నవ్వాను. చెప్పులో ఎలుక పడిన నాలుగో రోజున బుజ్జి అన్నం ముట్టలేదు. పెదవి పైకెత్తి చూస్తే చిగుళ్ళు గులాబీ రంగులో లేవు, సున్నం కొట్టినట్టున్నాయి. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "మీ చుట్టుపక్కల ఎలుకల మందు పెట్టారా?" పెట్టారు. సెల్లార్ నిండా బ్రోమాడియోలోన్ బిళ్ళలు. ఒక్క ఇంటికి చెప్పలేదు, నోటీసు అంటించలేదు. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తిరుగుతూనే ఉండి, నీరసించి తూలుతుంది. తూలే ఎలుక పిల్లికి ఎంత సులువో, దాన్ని తింటే పిల్లికీ విషమెక్కుతుందని ఆ బిళ్ళలు పెట్టినవాళ్ళకి తెలియదా? తెలుసు. "పిల్లే కదా సార్" అన్నారు. పిల్లే! అదే సెల్లార్లో సాయంత్రం పిల్లలు బంతి కోసం బోర్లా పడుకుని కార్ల కింద చెయ్యి పెడతారు, సిగ్గుండాలి!

ఆ విషం రక్తం గడ్డకట్టనివ్వదు. దానికి విరుగుడు విటమిన్ కె1, డాక్టరు చేతి మీదుగానే, వారాల తరబడి. మందు ప్యాకెట్ దొరికితే చూపించండి, పేరును బట్టి వైద్యం మారుతుంది. చిగుళ్ళు తెల్లబడేదాకా ఆగకండి. నేను ఆగాను.

బుజ్జి నాలుగు వారాలు మాత్రలు మింగింది. మందు ఆపిన రెండు రోజులకి రక్తం గడ్డకట్టే పరీక్ష మళ్ళీ చేస్తే బాగానే ఉంది. నిన్న పొద్దున ఎడమ చెప్పులో ఒక గొల్లభామ. పుస్తకంలో రాసుకున్నాను. ఆంటీ కనబడితే మాత్రం తలుపేసుకుంటున్నాను.