తెలిసిన తప్పుకు ‘తెలియదు’ అని రాస్తే ఎలా?

మార్చి లెక్కలు మూసే వేళకు ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల్లో మన మిల్లర్లు ఆడిటర్‌ను అడిగేది ఒక్కటే: ‘క్లీన్ రిపోర్టు కుదరకపోతే క్వాలిఫైడ్ ఇచ్చేయండి’. ఒక పద్దు మినహా లెక్కలు సరైనవేనని చెప్పే క్వాలిఫైడ్ రిపోర్టు అంటే రాజీ అనే భావన అంతగా పాతుకుపోయింది. ఆడిట్ ప్రమాణం ఎస్ఏ 705లో రాజీకి చోటు లేదు. అది అడిగేవి రెండే ప్రశ్నలు. తప్పు ఉందని తేలిందా, లేక తేల్చుకునే ఆధారమే దొరకలేదా? దాని ప్రభావం ఒక పద్దుతో ఆగిందా, లెక్కలన్నిటికీ పాకిందా?

జయపురంలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లు కంపెనీ ఉందనుకుందాం. 2025 మార్చి 31 నాటికి ఆస్తులు 12 కోట్లు, పన్నుకు ముందు లాభం కోటీ 20 లక్షలు. అందులో 5 శాతం, అంటే 6 లక్షలు దాటిన తప్పును ముఖ్యమైనదిగా ఆడిటర్ పెట్టుకున్నాడు. గోదాములో 16,000 క్వింటాళ్ల ధాన్యం ఉంది, పుస్తకాల్లోనూ అంతే ఉంది. బస్తాలు లెక్క పెట్టి వెళ్లిపోయేవాడికి ఇక్కడ తప్పేమీ కనబడదు.

ప్రభుత్వ ధాన్యాన్ని ఆడి బియ్యంగా అప్పగించే కస్టమ్ మిల్లింగ్ రిజిస్టరు తెరిస్తే కనబడుతుంది. సివిల్ సప్లైస్ కార్పొరేషన్ తరఫున గిరిజన సహకార సంఘాలైన ల్యాంప్స్‌ల నుంచి వచ్చిన ధాన్యం 20,000 క్వింటాళ్లు. తిరిగి అప్పగించిన ఉప్పుడు బియ్యం, డిపో రసీదుల ప్రకారం, 9,180 క్వింటాళ్లు. క్వింటా ధాన్యానికి 68 కిలోల బియ్యం ఇవ్వాలన్నది నిబంధన కాబట్టి, ఆడింది 13,500 క్వింటాళ్లు. మిగిలిన 6,500 క్వింటాళ్లు మిల్లువి కావు, కార్పొరేషన్‌వి. వాటిని అప్పటి మద్దతు ధర 2,300 చొప్పున సొంత నిల్వలో కలిపేశారు. కొనుగోలూ లేదు, బాకీ పద్దూ లేదు. అంటే ఆ కోటీ 49 లక్షల 50 వేలూ నేరుగా లాభంలోకి వచ్చి చేరాయి. తీసేస్తే మిగిలేది 29 లక్షల 50 వేల నష్టం.

యాజమాన్యం సరిదిద్దితే గొడవే లేదు, అన్‌మాడిఫైడ్, అంటే క్లీన్ రిపోర్టే. కలిపింది 40 క్వింటాళ్లే అయితే విలువ 92 వేలు, అప్పుడూ అన్‌మాడిఫైడే. 600 క్వింటాళ్లయితే 13 లక్షల 80 వేలు. లాభం కోటీ 6 లక్షలకు తగ్గుతుంది, కానీ కంపెనీ ముఖచిత్రం మారదు. నిల్వ పద్దు ‘మినహా’ లెక్కలు సరైనవేనని క్వాలిఫైడ్ రాయడం న్యాయం. 6,500 దగ్గర మాత్రం ‘మినహా’ అన్నమాట పనికిరాదు. నష్టాన్ని లాభంగా చూపిన లెక్కల్లో అది మినహాయిస్తే ఇంకేం మిగిలింది? ఇక్కడ ఇవ్వాల్సింది లెక్కలే సరైనవి కావని చెప్పే అడ్వర్సే.

నిల్వ తప్పు ఏదైనా లాభానికీ రిజర్వులకూ పాకుతుంది, ఆ లెక్కన ప్రతి తప్పూ అడ్వర్సే కదా అని సీనియర్లు కొందరు వాదిస్తారు. ఒకే పద్దులో ఉన్న తప్పు క్వాలిఫైడ్‌తో సరిపోతుందన్నది చాలా సందర్భాల్లో నిజమే. అయితే ఒకే పద్దుకు పరిమితమైనా లెక్కల్లో పెద్ద భాగాన్ని కమ్మేస్తే అది వ్యాపించినట్టేనని ఎస్ఏ 705 నిర్వచనంలోనే ఉంది. లాభాన్ని మించిన తప్పు చిన్న భాగమెలా అవుతుంది?

ఇంతకంటే ప్రమాదకరమైన దారి డిస్‌క్లెయిమర్. ‘అభిప్రాయం చెప్పలేను’ అని తప్పుకుంటే మిల్లరుతో సంబంధం చెడదు, చేతికి మట్టి అంటదు. కానీ 6,500 అని లెక్క తేల్చినవాడు తెలియదని ఎలా అంటాడు? ఆధారం దొరకనప్పుడే ఆ దారి. మిల్లింగ్ రిజిస్టరు దాచేశారనుకుందాం. ముందు బోర్డుకు చెప్పాలి, తర్వాత కార్పొరేషన్ నుంచి నేరుగా నిల్వ ధ్రువీకరణ తెప్పించుకోవాలి. అది వస్తే రిజిస్టరు లేకున్నా పని జరుగుతుంది. ఏదీ రాక, తప్పు ఉంటే నిల్వ వరకే ఉండొచ్చనుకుంటే క్వాలిఫైడ్. ధాన్యంతో పాటు రావలసిన బాకీలకూ ఆధారం లేక, లెక్కలన్నీ తేలకుండా పోతే అప్పుడు ఆడిట్ నుంచే తప్పుకోవాలి, తప్పుకునే వీలు లేకపోతే డిస్‌క్లెయిమర్ ఇవ్వాలి. డిస్‌క్లెయిమర్ ఇచ్చినా, అప్పటికే తెలిసిన తప్పును కారణాల పేరాలో రాయక తప్పదు.

అసలు ఈ బేరాలకు ధైర్యం బ్యాంకుల నుంచే వస్తోంది. ఆ 6,500 క్వింటాళ్లే క్యాష్ క్రెడిట్ తాకట్టులోనూ ఉన్నాయి. 25 శాతం మార్జిన్ పోగా, పరాయి ధాన్యం మీద కోటీ 12 లక్షల డ్రాయింగ్ పవర్, అంటే బ్యాంకు నుంచి డబ్బు తీసుకునే వీలు, పుట్టింది. వర్కింగ్ క్యాపిటల్ పరిమితి 5 కోట్లు దాటిన కంపెనీల స్టాక్ స్టేట్‌మెంట్లు పుస్తకాలతో కలుస్తున్నాయా అని కంపెనీ ఆడిట్ రిపోర్టులపై కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు కారో 2020 అడుగుతుంది. ఇక్కడ రెండూ ఒకే తప్పుతో కలుస్తాయి కాబట్టి ఆ నిబంధన ఏమీ పట్టుకోలేదు. లిమిట్ రెన్యువల్‌కు వచ్చిన మిల్లును మార్చి 31 నాటి కార్పొరేషన్ ధాన్యం నిల్వ ధ్రువీకరణ తెమ్మని బ్రాంచి మేనేజరు అడగాలి. ఆడిట్ రిపోర్టులో సంతకం ఉందో లేదో చూసి సరిపెట్టుకోకుండా, కారణాల పేరాలోని అంకెను డ్రాయింగ్ పవర్‌లోంచి ఆ రోజే తీసేయాలి.