పదకొండు నిమిషాల్లో మూడు సీళ్లు

కొత్త ప్రింటర్ పెట్టె విప్పాలని కూర్చున్నాక నాకు కత్తెర వెతికేంత ఓపిక కూడా ఉండదు. ఇంటి తాళంచెవితోనే టేపు కోసేశాను. లోపల నురుగు దిమ్మలు, వాటి మధ్య ప్రింటర్, దాని మీద పాలిథిన్ సంచి, సంచి మూతి మీద వెండి రంగు స్టిక్కరు. దాని మీద సన్నటి అక్షరాలేవో ఉన్నాయి. సన్నటి అక్షరాలు చదవాలంటే కళ్లజోడు కావాలి, కళ్లజోడు పక్క గదిలో ఉంది. స్టిక్కరు మాత్రం చేతికి అందేంత దూరంలోనే ఉంది. పీకేశాను.

తర్వాత సిరా సీసాలు. నాది ట్యాంకుల్లో సిరా పోసుకునే రకం. నాలుగు మూతలు తిప్పి, నాలుగు రంగులూ పోసి, మీట నొక్కాను. అది లోపల గొట్టాలన్నీ నింపుకుంటూ గుర్రుమంది. మొత్తం 11 నిమిషాలు.

అప్పుడు మా ఆవిడ వచ్చి, "రెండు వైపులా దానంతటదే ప్రింట్ చేస్తుందన్నారుగా, ఏదీ చూపించండి" అంది. చూపించడానికి కూర్చున్నాను. మెనూ అంతా గాలించాను. చివరికి ఆవిడే ఖాళీ పెట్టె తిప్పి, పక్కన రాసింది చదివింది: "రెండు వైపుల ప్రింటింగ్: చేత్తో." అంటే ఒక వైపు అయ్యాక కాగితం నేనే తిప్పి పెట్టాలి. అది తెలుసుకోవడానికి టేపు కోయాల్సిన పని కూడా లేదు, పెట్టె తిప్పితే చాలు.

"వాపసు ఇచ్చేద్దాం, 14 రోజులుంది" అన్నాను ధీమాగా.

"ఎప్పట్నుంచి 14 రోజులు?"

పెట్టె తెరిచినప్పట్నుంచి అనుకున్నాను. కాదట, డెలివరీ అయిన రోజు నుంచట. పెట్టె వారం రోజులు మూల కూర్చుని ఉంది. అప్పటికే సగం గడువు అయిపోయింది.

ఫోన్ చేశాను. అవతల ఒక అమ్మాయి.

"ప్రింటర్ పనిచేయడం లేదా సార్?"

"పనిచేస్తోంది. కాగితం తిప్పడం లేదు."

"అది తిప్పే మోడల్ కాదు సార్."

"అదేనమ్మా లోపం."

"లోపం కాదు సార్, లక్షణం."

లోపం అనే మాట మీద నేను ఎందుకు వేలాడానంటే, లోపం ఉన్న వస్తువుకైతే, విప్పిన సరుకు వాపసు తీసుకున్నందుకు కోసుకునే రీస్టాకింగ్ ఫీజు ఉండదని అప్పుడే తెరమీద చదివాను. ఆ పక్క వాక్యం ఆ అమ్మాయి చదివి వినిపించింది: లోపమని పంపితే పరీక్షిస్తారు, ఏమీ దొరక్కపోతే మనసు మార్చుకున్నవాడి కిందే లెక్కగడతారు. నా ప్రింటర్ ఎంత ఆరోగ్యంగా ఉందో నాకే తెలుసు.

లెక్క ఇలా తేలింది. నేను 100 పెట్టి కొన్నాననుకోండి. పెట్టె మీది టేపు కోయకుండా ఉంటే 100 చేతికొచ్చేది. టేపు కోసి, వెండి స్టిక్కరు పీకి, అక్కడ ఆగి ఉంటే 15 శాతం రీస్టాకింగ్ ఫీజు పోను 85, అందులోంచి తిరిగి పంపే ఖర్చు నాది. విప్పిన సరుకును మళ్లీ పరీక్షించి, సర్ది, 'ఓపెన్ బాక్స్' అని తగ్గించి అమ్ముకోవాలి కాబట్టి ఆ కోత. న్యాయమే అనుకోండి, కోత నాది కాకపోయి ఉంటే ఇంకా న్యాయంగా అనిపించేది. ఇక సిరా పోస్తే సున్నా. గొట్టాల్లోకి ఎక్కిన సిరాను మళ్లీ సీసాలోకి దింపలేం, పెట్టె పక్కకు వంగితే దారంతా కారుతుంది.

అంటే నేను 11 నిమిషాల్లో 100 నుంచి సున్నాకు వచ్చాను.

అయినా ఆశ చావక స్టిక్కరు తిరిగి అంటిద్దామని హెయిర్ డ్రయ్యర్ తెచ్చాను. పీకిన చోట సంచి మీద 'వాయిడ్' అనే మాట అచ్చుపడి ఉంది. ఎవరైనా పీకితే చెప్పాలనే దాన్ని అలా తయారు చేస్తారట. వేడి తగిలేకొద్దీ స్టిక్కరు ముడుచుకుంది గానీ ఆ మాట కొంచెం కూడా చెరగలేదు.

"మీ తమ్ముడికి అమ్మేస్తాను" అన్నాను చివరికి. బావమరిదికి ఫోన్ చేస్తే మర్యాదగా అంతా విన్నాడు. "అలాగే బావా. నచ్చకపోతే వాపసు తీసుకుంటావా?" అన్నాడు.

"సిరా పోశాక తీసుకోను" అని నా నోట్లోంచే వచ్చేసింది.

"పోసే ఉంది కదా బావా" అని పెట్టేశాడు.

ఆ రాత్రి కళ్లజోడు పెట్టుకుని, వాపసు నియమాలు మొత్తం చదువుదామని ప్రింట్ ఇచ్చాను. నాలుగు పేజీలు, రెండు కాగితాలు. మొదటి వైపులు రాగానే కాగితాలు తిప్పి పెట్టాను. వెనకవైపు తలకిందులుగా వచ్చింది.