"డెక్ జతచేశాను, చూడగలరు" అట. ఏం చూడాలి బాబూ?

ఇందాకే మరొకటి కళ్లబడింది. 34 స్లైడ్ల డెక్, పైన ఒకే ఒక్క వాక్యం: "మేడమ్, గురువారం మీటింగ్ కోసం డెక్ జతచేశాను, దయచేసి చూడగలరు." అయిపోయింది. పంపినవాడి పని తీరిపోయింది, ఇక ఆ 34 స్లైడ్లలో అసలు విషయం ఎక్కడ దాక్కుందో వెతుక్కోవడం డైరెక్టర్ ఖర్మ.

ఆవిడకి ఆ రోజు ఇలాంటివి ఇంకో నాలుగు వచ్చి ఉంటాయి. మీటింగుకీ మీటింగుకీ మధ్య, ఫోన్‌లో, లిఫ్ట్ వచ్చేలోపు చూస్తారు. మొదటి మూడు స్లైడ్లు తిప్పుతారు. వాటిలో ఏముంటుంది? టైటిలు, అజెండా, "నేపథ్యం". మూసేస్తారు. గురువారం మీటింగులో "ఇంతకీ నేనేం చెప్పాలి?" అని అడుగుతారు. అప్పుడు మనవాళ్లు బయటికొచ్చి "మేడమ్ చదవరండీ" అని నిట్టూరుస్తారు. చదవరా? ఏం చదవాలో చెప్పి ఏడిస్తే కదా!

ఇంకో రకం ఉన్నారు. వీళ్లు డెక్‌తో పాటు నోట్ రాస్తారు, పాపం. "ఈ డెక్‌లో నేపథ్యం, ప్రస్తుత స్థితి, ఎదురైన సవాళ్లు, ప్రత్యామ్నాయాలు, ముందున్న మార్గం సమగ్రంగా పొందుపరిచాము. మీ విలువైన అభిప్రాయం తెలుపగలరు." ఇది నోట్ కాదు, అజెండా స్లైడ్‌కి పట్టుచీర కట్టడం. పైగా "విలువైన అభిప్రాయం" ఒకటి! అభిప్రాయం అడిగితే అభిప్రాయమే వస్తుంది. "బాగుంది, రంగులు కాస్త మార్చండి" అని వస్తుంది. మీకు కావాల్సింది నిర్ణయం అయితే నిర్ణయం అని రాయడానికి చెయ్యి ఎందుకు వణుకుతుంది?

సరే, ఎలా ఉండాలో రాస్తాను. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చే డెక్ అనుకోండి. నోట్ ఇంతే:

"మేడమ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్పుపై గురువారం మీ నుంచి ఒక నిర్ణయం కావాలి: పాతదీ కొత్తదీ రెండు నెలలు పక్కపక్కన నడపాలా, ఒకేసారి కొత్తదానికి మారిపోవాలా. రెండు నెలలు పక్కపక్కన నడపాలన్నది మా సిఫారసు. అందుకు ఆమోదించిన బడ్జెట్ మీద 8 శాతం ఎక్కువవుతుంది (19వ స్లైడ్). కారణం 11వ స్లైడ్‌లో ఉంది: ట్రయల్‌లో 12 రిపోర్టులకు 9 పాతవాటితో సరిపోయాయి, సరిపోని మూడింటిలో పన్ను రిపోర్టు ఒకటి, ఎందుకో ఇంకా తేలలేదు. మాకు నమ్మకం లేని అంకె 26వ స్లైడ్‌లోది: డేటా తరలింపుకి మూడు వారాలన్నది వెండర్ మాట, మేం సరిచూడలేదు. ఈ మూడు స్లైడ్లు చూస్తే చాలు. 11, 19 గత నెల డెక్‌లో లేవు, 27 నుంచి అనుబంధం. శుక్రవారంలోపు తేలకపోతే పాత లైసెన్సు దానంతటదే ఏడాదికి రెన్యూ అవుతుంది, రెండు నెలలకే పొడిగించుకునే వీలు పోతుంది."

ఒక్క పేరా. ఒక నిమిషం కూడా పట్టదు చదవడానికి. ఇందులో డాబు విశేషణం ఒక్కటి వెతికి చూపించండి. "సమగ్ర" లేదు, "కీలక" లేదు, "వ్యూహాత్మక" అసలే లేదు.

నిర్ణయం మొదటి వాక్యంలోనే ఎందుకంటే ఫోన్‌లో మెయిల్ తెరవకముందు కనిపించేది ఆ ఒక్క ముక్కే. ఆ చోటులో "మీరు క్షేమమని తలుస్తాను" అని రాసేవాళ్లకి నమస్కారం. నిర్ణయాన్ని కూడా "మార్పు గురించి చర్చ" అని కాకుండా "ఇదా, అదా" అని రెండు దారులుగా రాయాలి. అలా రాయలేకపోతున్నారంటే తప్పు నోట్‌లో లేదు, మీ డెక్‌లోనే నిర్ణయం లేదన్నమాట. అప్పుడు ఆ మీటింగ్ పెట్టకండి, అందరికీ ఓ గంట మిగులుతుంది.

స్లైడ్ నంబర్లు మూడుకి మించొద్దు, మహా అయితే నాలుగు. "3, 5, 7 నుంచి 12, 15, 18, 22, 26 తప్పక చూడగలరు" అని రాసే మేధావులున్నారు. మొత్తం డెక్ చదవమని చెప్పడానికి అదో కొత్త పద్ధతి. పక్కన ఆ స్లైడ్‌లో ఏం చూడాలో కూడా ఉండాలి. "11వ స్లైడ్ చూడండి" అంటే ఆవిడ చూస్తారు, అక్కడ 12 వరసల పట్టిక ఉంటుంది, 9 పచ్చగా కనిపిస్తాయి, బాగానే ఉందనుకుని వెళ్లిపోతారు. చూడాల్సింది ఎర్రగా ఉన్న మూడింటిలో పన్ను రిపోర్టు. మిగతా రెండు తప్పినా సర్దుకోవచ్చు, అది తప్పితే కాదు. ఆ తేడా డెక్ చేసినవాడికి తెలుసు, చదివేవాళ్లకి తెలీదు. నోట్ పుట్టిందే ఆ తేడా చెప్పడానికి.

ఇక అసలు మంట. "మాకు నమ్మకం లేని అంకె" అన్న వాక్యం. నోట్ మొత్తానికి ప్రాణం అదే, పైకి వెళ్లేలోపు ప్రతిసారీ చచ్చేదీ అదే. రాసినవాడు రాస్తాడు. మధ్యలో ఒక పెద్దమనిషి ఉంటాడు, "మనమే అనుమానం పుట్టించడం ఎందుకయ్యా, అడిగితే అప్పుడు చెబుదాం" అని కొట్టేస్తాడు. లేదా ఇంకా తెలివిగా, "కొన్ని అంచనాలు తదుపరి ధ్రువీకరణకు లోబడి ఉంటాయి" అని మారుస్తాడు. ఏ అంచనాలు? ఎన్ని? ఎవరు ధ్రువీకరించాలి? ఎప్పటికి? ఆ వాక్యం చదివి ఎవరైనా 26వ స్లైడ్ తెరుస్తారా? తెరవకూడదనే కదా అలా రాసింది!

అనుమానం అడుగున పడితే ఏమవుతుందో తెలియాలంటే నాసా వాళ్ల అంతరిక్ష షటిల్ కొలంబియా సంగతి గుర్తుచేసుకోండి. 2003 జనవరి 16న షటిల్ పైకి లేచినప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్కకి తగిలింది. దెబ్బ ఎంతో తేల్చడానికి ఇంజనీర్లు స్లైడ్లు చేశారు. అందులో ఒక స్లైడ్ హెడ్డింగు, పరీక్షల డేటా ప్రకారం లెక్క జాగ్రత్తవైపే ఉందన్నట్టు ఊరటగా ఉంది. అదే స్లైడ్ అట్టడుగున, చిన్న అక్షరాల్లో, ఆ ముక్క పరిమాణం 1920 ఘనపు అంగుళాలనీ, పరీక్షలో వాడింది 3 అనీ ఉంది. అంటే 640 రెట్లు. అంటే ఆ పరీక్షల డేటా ఈ దెబ్బకి వర్తిస్తుందో లేదో ఎవరికీ తెలియదని అర్థం. హెడ్డింగు మాత్రం ఊరట. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ షటిల్ ముక్కలైంది, ఏడుగురు పోయారు. విచారణ బోర్డు నివేదిక ఆ స్లైడ్‌ని ప్రత్యేకంగా ఎత్తిచూపింది. ఒక్క నోట్ ఉంటే అందరూ బతికేవారని నేననడం లేదు. "మనం పరీక్షించినదానికి ఇది 640 రెట్లు పెద్దది, ఆ అంకె ఈ స్లైడ్ చివరి వరసలో ఉంది" అన్న మాట పైన ఉండి ఉంటే కనీసం ఆ వరస చదివేవారు. మధ్యలో ఉండే పెద్దమనుషులు ఇది ప్రింటు తీసి గోడకి అంటించుకోండి.

ఇప్పుడు కామెంట్లలో ఒక మహానుభావుడు రానే వస్తాడు, "అమెజాన్‌లో అసలు స్లైడ్లే లేవు కదండీ" అంటూ. తెలుసు నాయనా. 2004లో జెఫ్ బెజోస్ పై స్థాయి మీటింగుల్లో స్లైడ్లు మానిపించాడు, మెమో రాయించి మీటింగ్ మొదట్లో అందరినీ కూర్చోబెట్టి మౌనంగా చదివించాడు. మీ డైరెక్టర్‌తో అలా అరగంట చదివించగలరా? లేదు కదా. మరి పేరా రాయండి.

రాసేటప్పుడు చేసే వెధవ పనులు కూడా చెప్పేస్తాను. నోట్ ముందు రాసి, తర్వాత ఎవరో చివరి నిమిషంలో 8వ చోట ఒక స్లైడ్ దూరుస్తారు. అంతే, 19 కాస్తా 20 అయింది. నోట్‌లో మాత్రం 19 అనే ఉంటుంది, ఆవిడ తెరిస్తే ఎవరిదో టీమ్ ఫొటో. డెక్‌కి తాళం పడ్డాకే నోట్‌లో నంబర్లు వేయాలి. వేశాక పంపబోయే పీడీఎఫ్‌నే తెరిచి ఆ పేజీలకి వెళ్లి చూసుకోవాలి, పవర్‌పాయింట్ ఫైల్‌ని కాదు. దాచిపెట్టిన స్లైడ్లు పీడీఎఫ్‌లోకి వస్తే లెక్క మారుతుంది, రాకపోయినా మారుతుంది. టైటిల్ స్లైడ్‌ని లెక్కలోంచి తీసేసి నంబర్లు మొదలుపెట్టినవాళ్ల డెక్‌లో స్లైడ్ మీద 19, పీడీఎఫ్ చూపించేది 20. అందుకే నంబరు పక్కన హెడ్డింగులోంచి రెండు మాటలు రాస్తే పోయేదేం లేదు. యానిమేషన్ పెట్టిన చార్టు అయితే పీడీఎఫ్‌లో అన్నీ ఒకదానిమీద ఒకటి పడి కుంకుమ ఒలికినట్టుంటుంది, అది కూడా చూసుకోండి. లింకు మాత్రమే పంపి, అది "అనుమతి కోరండి" అంటే ఇక చెప్పేదేం లేదు.

ఇంత చేసి పంపినా, ఆవిడ నిజంగానే ఆ మూడు స్లైడ్లు చదివి వచ్చినా, మనవాడు గురువారం ఏం చేస్తాడో తెలుసా? మొదటి స్లైడ్ తెర మీద పెట్టి "సంక్షిప్తంగా నేపథ్యం చెప్తాను" అని మొదలెడతాడు. నా ఒళ్లు మండేది ఇక్కడే, ఎప్పట్నుంచో మండుతోంది. చదివి వచ్చినవాళ్లకి మళ్లీ చదివి వినిపిస్తే వచ్చేసారి ఎందుకు చదువుతారు? "ప్రీ-రీడ్ ఎవరూ చదవరు" అని ఏడ్చేవాళ్లే చదవనక్కర్లేదని నేర్పిస్తున్నారు. నలభై నిమిషాలు నేపథ్యం అయ్యాక 19వ స్లైడ్ వచ్చేసరికి టైమ్ అయిపోతుంది, "ఆఫ్‌లైన్‌లో చూద్దాం" అంటారు, శుక్రవారం లైసెన్సు రెన్యూ అయిపోతుంది. ఆ తర్వాత ఏడాదంతా "డైరెక్టర్ నిర్ణయం తీసుకోలేదు" అని మనవాడి కథ.

19 తెర మీద పెట్టి మొదలుపెట్టు. "చదివారనుకుంటున్నాను మేడమ్, 11లో పన్ను రిపోర్టు గురించి ఏమైనా అడగాలా?" అని అడిగి నోరు మూసుకో. చదవలేదంటే ఆ పేరానే పైకి చదువు, ఒక్క నిమిషం పని.