పరీక్ష గదిలో 64, ఇంటి లెక్కలో 50

సదరం క్యాంపు నుంచి బిడ్డ మేధో వైకల్య సర్టిఫికెట్ చేతికొచ్చాక తల్లిదండ్రులు ముందుగా చూసేది అందులోని శాతాన్నే. ఐక్యూ ఎంత తక్కువైతే ఆ శాతం అంత పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. వికలాంగుల హక్కుల చట్టం కింద 2018 జనవరిలో కేంద్రం ప్రకటించిన, 2024లో కొత్తవి వచ్చేదాకా అమల్లో ఉన్న మార్గదర్శకాలు మాత్రం అలా లెక్కగట్టలేదు. తెలివితేటల పరీక్ష నిర్ధారణకు తోడ్పడుతుంది. వాటి ప్రకారం శాతాన్ని తేల్చేది బిడ్డ నిత్యజీవితంలో ఏయే పనులు సొంతంగా చేసుకోగలుగుతున్నాడో కొలిచే వైన్‌లాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేలు. దాని స్కోరు 55 నుంచి 69 మధ్య ఉంటే స్వల్ప స్థాయి, 50 శాతం. 36 నుంచి 54 అయితే మధ్యస్థ స్థాయి, 75 శాతం. 70 నుంచి 84 దాకా ఉంటే 25 శాతమే. రిజర్వేషన్ల వంటి ప్రయోజనాలకు చట్టం పెట్టిన గీత 40 శాతం కాబట్టి, 69కీ 70కీ మధ్యనున్న ఒక్క అంకె ఒక కుటుంబానికి చాలా పెద్ద తేడా అవుతుంది.

ఇంతటి బరువు మోసే స్కోరు ఎలా పుడుతుందో చూడటానికి పదేళ్లు నిండిన ఒక బాబును ఉదాహరణగా తీసుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, పరీక్షల్లో తరచూ ఎదురయ్యే పరిస్థితులను కలిపి అల్లినది. నాలుగో తరగతి చదువుతున్న ఆ బాబుకు పిల్లల కోసం మనస్తత్వవేత్త మాలిన్ భారతీయీకరించిన ఐక్యూ పరీక్ష పెట్టారు. మాటల భాగంలో 58, చేతల భాగంలో 70 రాగా, రెండింటి సగటుగా మొత్తం స్కోరు 64 అని తేలింది. మాటల భాగం బడి చదువు మీదా, ఇంట్లో వినే భాష మీదా ఎక్కువగా ఆధారపడుతుంది. పైగా ఆ పరీక్ష ప్రమాణాలు అర్ధ శతాబ్దం కిందటివి. ఏ పరీక్షలోనైనా కొలత పొరపాటు కొంత తప్పదు కనుక 64 అనే బిందువును సుమారు 59 నుంచి 69 దాకా ఉన్న పరిధిగా చదవడమే సబబు.

తర్వాత తల్లిని కూర్చోబెట్టి సోషల్ మెచ్యూరిటీ స్కేలు నింపారు. భారతీయ రూపంలో దీనికి 89 అంశాలున్నాయి. తినడం, దుస్తులు వేసుకోవడం, ఊళ్లో ఒంటరిగా తిరిగిరావడం, చిన్న కొనుగోళ్లు చేయడం, ఇతరులతో కలవడం వంటివన్నీ వయసు క్రమంలో వస్తాయి. బిడ్డ దాటిన అంశాలను బట్టి సామాజిక వయసు కట్టి, దాన్ని అసలు వయసుతో భాగించి, వందతో గుణిస్తారు. తల్లి చెప్పినదాని ప్రకారం సామాజిక వయసు అయిదేళ్లు వచ్చింది. 120 నెలల బిడ్డకు 60 నెలలు, అంటే స్కోరు 50. దీన్ని ఇక్కడితో వదిలేస్తే సర్టిఫికెట్ మీద పడేది మధ్యస్థ స్థాయి, 75 శాతం.

ఇలాంటి చోట 64నూ 50నీ కలిపి 57 అని సగటు తీసేవారు ఉన్నారు. నా దృష్టిలో అది నిర్ధారణను చెడగొట్టే పని. రెండూ వేర్వేరు కొలతలు. ఒకటి తోటి వయసు పిల్లల మధ్య బిడ్డ స్థానాన్ని చెబుతుంది, మరొకటి రెండు వయసుల నిష్పత్తి. అంకెలు పక్కపక్కన పెట్టదగినట్టు కనిపించినా వాటి కొలబద్ద ఒకటి కాదు. ఇంత ఎడం వచ్చినప్పుడు ఆ ఎడం ఎక్కణ్నుంచి వచ్చిందో వెతకాలి.

ఈ బాబు విషయంలో జవాబు ఇంట్లోనే ఉంది. అన్నం నానమ్మ కలిపి తినిపిస్తుంది, స్నానం తల్లి చేయిస్తుంది, ట్రాఫిక్ భయంతో వీధి చివరి దుకాణానికి కూడా పంపరు. “తింటాడా?” అని అడిగితే తల్లి నిజాయితీగానే “లేదండీ, మేమే పెడతాం” అంటుంది. అడగాల్సిన ప్రశ్న అది కాదు. “మీరు ఊళ్లో లేని రోజున ఏం చేశాడమ్మా? బడిలో మధ్యాహ్న భోజనం ఎలా తింటాడు?” అని అడిగితే చిత్రం మారుతుంది. బడిలో తన కంచం తానే కడుక్కుంటున్నాడని, బొత్తాలు తానే పెట్టుకుంటున్నాడని, పక్క తరగతి టీచరుకు రిజిస్టరు అందించి వస్తున్నాడని ఉపాధ్యాయురాలు చెప్పింది. చేయలేకపోవడం వేరు, చేసే అవకాశం లేకపోవడం వేరు. ఈ స్కేలు రూపకర్త ఎడ్గార్ డాల్ అవకాశం దొరకని అంశాలను విడిగా గుర్తించే పద్ధతి పెట్టింది ఇందుకే. మళ్లీ లెక్కగడితే సామాజిక వయసు ఆరున్నరేళ్లు, అంటే 78 నెలలు, స్కోరు 65. స్వల్ప స్థాయి, 50 శాతం. ఐక్యూ పరిధితోనూ ఇది పొసగుతుంది.

దీనికి ఎదురు పొరపాటు ఆడపిల్లల విషయంలో కనిపిస్తుంది. పన్నెండేళ్ల పిల్ల వంట చేస్తుంది, తమ్ముణ్ని ఎత్తుకుంటుంది, కనుక స్కోరు ఎక్కువ వస్తుంది. కానీ చిల్లర లెక్క రాదు, తీయగా మాట్లాడే అపరిచితుణ్ని ఇట్టే నమ్మేస్తుంది. ఇంటిపనులకు మార్కులిచ్చే ఈ స్కేలులో మోసపోయే గుణాన్ని పట్టే అంశాలు లేవు. అక్కడ స్కోరు మీద కాక, ఏ రంగంలో వెనకబడిందన్న దాని మీద నిర్ధారణ నిలబడాలి. అమెరికా మనోవైద్యుల సంఘం నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 కూడా 2013 నుంచి తీవ్రతను ఐక్యూ అంకెతో కాక ఆలోచనాపరమైన, సామాజిక, వ్యావహారిక నైపుణ్యాలతోనే తేల్చమంటోంది. ఒక్క గీతతో తేల్చడం ఎంత ప్రమాదమో అమెరికా సుప్రీంకోర్టు 2014లో హాల్ అనే మరణశిక్ష ఖైదీ కేసులో గుర్తించింది. ఐక్యూ 70కి ఒక్క పాయింటు మించినా మరే సాక్ష్యాన్నీ చూడనక్కర్లేదన్న ఫ్లోరిడా నిబంధనను అది కొట్టేసింది.

ఇక కుటుంబానికి చెప్పడం. మన ఇళ్లలో అంకె అంటే మార్కులే కనుక ఐక్యూ 64ను వందకు 64గా చదివి “ఫస్ట్ క్లాసే కదా” అనుకునేవారున్నారు. 50 శాతం వైకల్యాన్ని “సగం మెదడు పోయింది” అని అర్థం చేసుకునేవారూ ఉన్నారు. సామాజిక వయసు ఆరున్నర అనగానే “వాడిది ఆరేళ్ల బుద్ధి” అని స్థిరపరచుకుని, పదిహేనేళ్ల వయసులోనూ చిన్నపిల్లాడిలాగే చూస్తారు. అందుకే నేనైతే తల్లికి తెలిసిన పనులతో మొదలుపెట్టమంటాను. “బాబు బట్టలు తానే వేసుకుంటాడు, డబ్బు లెక్క మాత్రం ఇంకా పక్కనుండి నేర్పాలమ్మా. కొత్త విషయం నేర్చుకోవడానికి తోటివాళ్ల కంటే ఎక్కువ సమయం, ఎక్కువసార్లు చెప్పడం కావాలని ఈ 64 చెబుతోంది. ఈ 50 శాతం అన్నది సర్కారు సాయానికి వేసిన వర్గం, మెదడు కొలత కాదు.” శాతం తగ్గితే సాయం తగ్గుతుందేమోనన్న బెంగ కూడా ఆ గదిలో ఉంటుంది. దాన్ని దాచిపెట్టకుండా మాట్లాడితేనే తల్లిదండ్రులు వచ్చేసారి బిడ్డ చేసే పనులను తగ్గించి చెప్పరు.

ఆ వచ్చేసారి తప్పదు, ఎందుకంటే ఆ 2018 మార్గదర్శకాలు 5, 10, 18 ఏళ్ల వయసుల్లో సర్టిఫికెట్‌ను పునరుద్ధరించుకోమన్నాయి. అప్పటి పరీక్షకుడికి పనికొచ్చేది రిపోర్టులోని రెండు అంకెలు మాత్రమే కాదు. సమాచారం ఇచ్చింది తల్లా, టీచరా, ఇద్దరూనా. ఏయే అంశాలకు అవకాశం లేదని రాశారు. మాటల భాగం, చేతల భాగం విడివిడిగా ఎంత వచ్చాయి అన్నవి కూడా అందులో ఉండాలి. ఇవి లేని రిపోర్టు దగ్గర పెట్టుకుని, పద్దెనిమిదో ఏట స్కోరు 65 నుంచి 72కు మారితే, బిడ్డ ఎదిగాడా లేక చెప్పినవారు మారారా అన్నది ఎవరూ తేల్చలేరు.